ఫైనల్‌లో ఎంత రావాలి? స్క్రీన్‌షాట్ చెప్పని లెక్క

అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ ఫైనల్ పరీక్షలు డిసెంబరులో జరుగుతాయి. వాటికి వారం పది రోజుల ముందు నుంచి నా ఫోన్‌కు స్క్రీన్‌షాట్లు వస్తుంటాయి. పిల్లలు పంపేవి కొన్నే. ఎక్కువ భాగం తల్లిదండ్రులు ఫార్వర్డ్ చేసేవే. ఎమ్మెస్ చదువుతున్న కొడుకో కూతురో కాలేజీ గ్రేడ్‌బుక్‌ను ఫోన్‌లో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. దాన్ని పట్టుకుని తండ్రి నన్ను అడుగుతాడు: "ఇంటర్‌లో తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్నవాడండీ, ఇక్కడ ఎనభై అని చూపిస్తోంది. ఫైనల్‌లో ఎంత కొడితే ఏ గ్రేడ్ వస్తుంది?"

ప్రశ్న మంచిదే. దాని వెనకున్న రెండు నమ్మకాలతోనే నాకు పేచీ. మొదటిది, తెరమీద కనిపించే శాతమే ఇప్పటిదాకా వచ్చిన మార్కులు అనుకోవడం. రెండోది, మన పబ్లిక్ పరీక్షల్లాగా ఆఖరి పరీక్ష ఒక్కటి బాగా రాస్తే వెనకటిదంతా కొట్టుకుపోతుందనుకోవడం. ఈ రెండూ కలిసి ఆ పిల్లాడి చేత ఆఖరి వారంలో చదవాల్సింది వదిలేయించి, చదవనక్కర్లేనిది చదివిస్తాయి. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు వెయిటేజీ కలిపిన రోజుల్లో ఆ లెక్కను తలకిందులుగా చెప్పగలిగిన తల్లిదండ్రులే ఇక్కడ మాత్రం స్క్రీన్‌షాట్‌లోని ఒక్క అంకె చూసి ఆగిపోతున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో అల్గారిథమ్స్ కోర్సు. సిలబస్ ప్రకారం హోంవర్క్‌కు 20 శాతం, క్విజ్‌లకు 10, మిడ్‌టర్మ్‌కు 25, ప్రాజెక్ట్‌కు 15, ఫైనల్‌కు 30. మొత్తం వంద. చాలా యూనివర్సిటీలు వాడే కాన్వాస్ గ్రేడ్‌బుక్‌లో ఆ అబ్బాయికి హోంవర్క్ 92 శాతం, క్విజ్‌లు 80, మిడ్‌టర్మ్ 71 అని ఉన్నాయి. ప్రాజెక్ట్ సమర్పించాడు గానీ మార్కులు ఇంకా వేయలేదు, అక్కడ ఒక గీత మాత్రమే ఉంది. ఫైనల్ దగ్గరా గీతే. అన్నిటికంటే కింద టోటల్ 80.27 శాతం.

ఈ 80.27 ఎక్కడి నుంచి వచ్చింది? హోంవర్క్‌లో 92ను 0.20తో గుణిస్తే 18.4. క్విజ్‌ల 80ని 0.10తో గుణిస్తే 8. మిడ్‌టర్మ్ 71ని 0.25తో గుణిస్తే 17.75. మూడూ కలిపితే 44.15. అంటే కోర్సు మొత్తం వంద పాయింట్లలో ఆ అబ్బాయి చేతికి నిజంగా వచ్చినవి 44.15 మాత్రమే. అయితే ఈ మూడింటి వెయిటేజీ కలిపితే 55. కాన్వాస్ 44.15ను 55తో భాగించి, దాన్ని శాతంగా మార్చి 80.27 అని చూపిస్తుంది. మార్కులు పడని భాగాలు అసలు లేనట్టే లెక్కేస్తుందన్నమాట. గ్రేడ్స్ పేజీ కుడివైపు `Calculate based only on graded assignments` అని ఒక టిక్ పెట్టె ఉంటుంది. మామూలుగా అది టిక్ పెట్టే ఉంటుంది. టిక్ తీసేస్తే మార్కులు పడనివన్నీ సున్నాగా లెక్కకొస్తాయి, టోటల్ ఒక్కసారిగా 44.15కు పడిపోతుంది. ఒక తల్లి అర్ధరాత్రి ఫోన్ చేసి "మావాడు ఫెయిలవుతున్నాడండీ, నలభై నాలుగే వచ్చాయి" అంటే, ఎవరో ఆ టిక్ తీశారని నాకు అర్థమవుతుంది.

రెండు అంకెలూ నిజమే. ఫైనల్‌లో ఎంత రావాలో తేల్చడానికి మాత్రం పనికొచ్చేది 44.15. పిల్లలు కూడా ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "నాకు ఇప్పుడు 80.27 ఉంది, ఫైనల్ 30 శాతం కాబట్టి మిగతా 70కి 80.27 వేసుకుంటే సరి" అనుకుంటారు. ఇంటర్నెట్‌లో దొరికే ఫైనల్ గ్రేడ్ కాలిక్యులేటర్లలో చాలావాటికి లక్ష్యంతో పాటు ఇచ్చేది కూడా ఈ రెండు అంకెలే: ప్రస్తుత శాతం, ఫైనల్ వెయిటేజీ. దాని ప్రకారం ప్రాజెక్ట్‌లో కూడా సరిగ్గా 80.27 శాతం వస్తుందని మనకు తెలియకుండానే ఒప్పేసుకున్నట్టు అవుతుంది. ప్రాజెక్ట్ ఎలా చేశాడో ఆ కాలిక్యులేటర్‌కు తెలియదు. చేసినవాడికి తెలుసు.

కాబట్టి లెక్క ఇలా వేయాలి. ముందు లక్ష్యం రాసుకోవాలి. ఈ కోర్సు సిలబస్‌లో ఏ మైనస్‌కు 90, బి ప్లస్‌కు 87, బికి 83, బి మైనస్‌కు 80 అని ఉందనుకుందాం. ఈ హద్దులు కోర్సుకో రకంగా ఉంటాయి, స్క్రీన్‌షాట్‌లో కనిపించవు, సిలబస్ తెరిచే చూడాలి. లక్ష్యం బి, అంటే 83. అందులోంచి ఇప్పటికే చేతికొచ్చిన 44.15 తీసేయాలి. ప్రాజెక్ట్‌లో వస్తుందని నిజాయతీగా అనుకుంటున్న శాతాన్ని 0.15తో గుణించి అది కూడా తీసేయాలి. మిగిలినదాన్ని 0.30తో భాగించాలి. ప్రాజెక్ట్‌లో 90 వస్తుందనుకుంటే గూగుల్ షీట్‌లో ఒక గడిలో ఇది టైప్ చేస్తే చాలు:

```
=(83-18.4-8-17.75-0.15*90)/0.30
```

జవాబు 84.5. ఫైనల్‌లో 84.5 శాతం వస్తే బి.

ఇక్కడితో ఆపేస్తే సగం పనే అయినట్టు. ఆ 90 అనేది మన అంచనా మాత్రమే. ప్రాజెక్ట్‌లో 80 వస్తే ఫైనల్‌లో 89.5 కావాలి. 100 వస్తే 79.5 చాలు. ప్రాజెక్ట్ వెయిటేజీ ఫైనల్‌లో సరిగ్గా సగం కాబట్టి, అక్కడ పది మార్కులు పోతే ఇక్కడ ఐదు ఎక్కువ తెచ్చుకోవాలి. ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇంకా సమర్పించకపోతే, లేదా సవరించి మళ్లీ ఇవ్వడానికి ప్రొఫెసర్ అవకాశమిస్తే, నేను ముందు అక్కడికే పంపిస్తాను. మూడు గంటలు కూర్చుని కోడ్‌కు టెస్టులు రాసి, రిపోర్ట్‌లో వదిలేసిన భాగాలు పూర్తి చేస్తే ప్రాజెక్ట్‌లో పది మార్కులు పెరగడం జరిగే పనే. అదే మూడు గంటల్లో ఫైనల్‌లో ఐదు మార్కులు పెరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. పరీక్ష అనగానే మన ఇళ్లలో ప్రాజెక్ట్ పక్కకు పోతుంది. "అది ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు చదువుకో" అంటారు. ఈ లెక్క ముందు ఆ మాట నిలబడదు.

ఇప్పుడు ఇంకో రెండు అంకెలు వేయాలి. చాలామంది వీటిని వేయరు, నేను మాత్రం ముందు వీటినే అడుగుతాను. ప్రాజెక్ట్‌లో 90 వచ్చిందనుకుంటే ఫైనల్‌కు ముందు చేతిలో ఉండేది 57.65. ఫైనల్‌లో వందకు వంద వచ్చినా మొత్తం 87.65. ప్రాజెక్ట్‌లో కూడా వంద వస్తే 89.15. అంటే ఏ మైనస్ తలుపు మిడ్‌టర్మ్ రోజే మూసుకుపోయింది. ప్రాజెక్ట్‌లో 90తో దాన్ని అందుకోవాలంటే ఫైనల్‌లో 107.8 కావాలి. ఎక్స్‌ట్రా క్రెడిట్ ఉందని సిలబస్‌లో రాసి ఉంటే తప్ప ఆ అంకె మీద ఇంకో నిమిషం కూడా ఖర్చు పెట్టకూడదు. బి ప్లస్‌కు 97.8 కావాలి. మిడ్‌టర్మ్‌లో 71 తెచ్చుకున్నవాడు 97.8 కోసం కూర్చోవడం ధైర్యం కాదు, లెక్క వేసుకోకపోవడం.

"ఏ రాకపోతే ఎలా అండీ?" అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఓపిక కూడగట్టుకుని జవాబు చెబుతాను. ఎమ్మెస్‌లో చాలా యూనివర్సిటీలు అడిగేది మొత్తం మీద 3.0 జీపీఏ, అంటే సగటున బి. అది తగ్గితే ప్రొబేషన్. అసిస్టెంట్‌షిప్ ఉంటే అది పోయే ప్రమాదం. ఓపీటీకి కనీస జీపీఏ అంటూ ఏదీ లేదు, హెచ్‌1బీకి కూడా లేదు. కొన్ని కంపెనీలు రెజ్యూమెలో జీపీఏ అడుగుతాయి, ఇంటర్వ్యూకు పిలిచాక దాన్ని మళ్లీ ఎత్తేవి తక్కువ. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే పిల్లాడి సంగతి వేరు, వాడికి గ్రేడ్లు నిజంగానే లెక్కకొస్తాయి, అక్కడ కూడా ప్రొఫెసర్ రాసిచ్చే సిఫారసు లేఖ ముందు బికి, బి ప్లస్‌కు తేడా చిన్నదే. బంధువుల గ్రూప్‌లో పెట్టుకోవడానికి 4.0 కావాలంటే ఆ కోరిక ఇంట్లో పెద్దలది. దాని బరువు అక్కడ షేర్డ్ రూమ్‌లో కూర్చుని ఈ నెల అద్దె లెక్కలు చూసుకుంటున్న పిల్లాడి మీద వేయొద్దు.

స్క్రీన్‌షాట్ మీద ఆధారపడి లెక్క వేసేటప్పుడు అది దాచే విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని పట్టించుకోకపోతే 84.5 అన్న అంకె చూడ్డానికి కచ్చితంగా ఉండి కూడా తప్పవుతుంది.

మొదటిది, గ్రూప్ లోపలి లెక్క. కాన్వాస్ ఒక గ్రూప్‌లోని శాతాల సగటు తీయదు. వచ్చిన పాయింట్లన్నీ కలిపి, మొత్తం పాయింట్లతో భాగిస్తుంది. మన ఉదాహరణలో హోంవర్క్‌లు మూడు: 20కి 20, మళ్లీ 20కి 20, 60కి 52. మొత్తం వందకు 92, అంటే 92 శాతం. అదే విడివిడిగా శాతాలు వేసి సగటు తీస్తే 95.6 దాకా వస్తుంది. పెద్ద హోంవర్క్‌లో తగ్గినవాడు చేత్తో లెక్క వేసుకుని తనకు ఎక్కువ వచ్చిందని మురిసిపోయేది ఇక్కడే. ఇంకో హోంవర్క్ రావాల్సి ఉంటే ఆ 92 కూడా ఇంకా స్థిరపడలేదని గుర్తుంచుకోవాలి. తక్కువ వచ్చిన క్విజ్ ఒకటి వదిలేస్తామని ప్రొఫెసర్ పెట్టి ఉంటే ఆ వరుస బూడిద రంగులో కనిపిస్తుంది, టోటల్‌లోకి రాదు. చేత్తో లెక్క వేసేవాడు దాన్ని కూడా కలిపేసి కంగారుపడతాడు. మార్కులు వేసి ఇంకా విడుదల చేయని వాటి పక్కన గీత కొట్టిన కన్ను బొమ్మ ఉంటుంది. అవి కూడా టోటల్‌లో ఉండవు.

రెండోది, వెయిటేజీ పట్టిక. కాన్వాస్ పేజీలో కుడివైపు గ్రూపులూ వాటి శాతాలూ ఉన్న చిన్న పట్టిక ఉంటుంది. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌లో అది తరచూ కట్ అయిపోతుంది. ఆ పట్టిక లేకుండా నాకు పంపిన బొమ్మతో నేను లెక్క వేయను. లాప్‌టాప్‌లో తెరిచి మళ్లీ తీయమంటాను. లాప్‌టాప్‌లో కూడా పట్టిక కనిపించకపోతే, ఆ ప్రొఫెసర్ కాన్వాస్‌లో వెయిటేజీ అసలు పెట్టలేదేమో అని అనుమానించాలి. అప్పుడు కాన్వాస్ టోటల్ కేవలం పాయింట్ల మీద నడుస్తుంది, సిలబస్‌లోని శాతాలతో దానికి సంబంధమే ఉండదు. 60 పాయింట్ల హోంవర్క్‌కు, 60 పాయింట్ల మిడ్‌టర్మ్‌కు ఒకే విలువ పడుతుంది. తెర ఒకటి చెప్పి సిలబస్ ఇంకొకటి చెబితే సిలబస్‌దే ఆఖరి మాట. అనుమానం ఉంటే టీఏకు రెండు వరుసల మెయిల్ రాస్తే తేలిపోతుంది.

మూడోది, సిలబస్ మూలల్లో ఉండే నిబంధనలు. వాటిలో ఒకటి లెక్కనే తలకిందులు చేస్తుంది. కొందరు ప్రొఫెసర్లు "ఫైనల్ మార్కు మిడ్‌టర్మ్ కంటే ఎక్కువ వస్తే, మిడ్‌టర్మ్ బదులు దాన్నే తీసుకుంటాం" అని రాస్తారు. అలా ఉంటే ఫైనల్ బరువు 30 కాదు, 55 అవుతుంది. మన ఉదాహరణలో మిడ్‌టర్మ్ 17.75 తీసేస్తే హోంవర్క్, క్విజ్‌లు, ప్రాజెక్ట్ కలిపి 39.9. 83 చేరాలంటే ఇంకా 43.1 కావాలి. దాన్ని 0.55తో భాగిస్తే 78.4. ఒక్క వాక్యం వల్ల కావాల్సిన మార్కు 84.5 నుంచి 78.4కు దిగింది, మూసుకుపోయిందనుకున్న ఏ మైనస్ తలుపు కూడా 91.1 దగ్గర తెరుచుకుంది. స్క్రీన్‌షాట్‌ను ఎంతసేపు చూసినా ఈ వాక్యం కనబడదు. దీనికి ఎదురు దిశలో పనిచేసే నిబంధనలు కూడా ఉంటాయి. మొత్తం ఎంత వచ్చినా ఫైనల్‌లో కనీసం ఇంత శాతం రాకపోతే పాస్ చేయం అని కొన్ని కోర్సుల్లో ఉంటుంది.

చేత్తో లెక్క వేయడం ఇష్టంలేనివాళ్లకు కాన్వాస్‌లోనే `What-If` స్కోర్ అని ఒక వెసులుబాటు ఉంది. గ్రేడ్స్ పేజీలో గీత ఉన్నచోట నొక్కి ఊహించిన మార్కు టైప్ చేస్తే టోటల్ దానికి తగ్గట్టు మారుతుంది. అసలు మార్కులేమీ మారవు, ప్రొఫెసర్‌కు కనిపించదు. ఫైనల్ ఎన్ని పాయింట్లకో ఎంట్రీ ముందే పెట్టి ఉంటేనే ఇది పనిచేస్తుంది. కొన్ని కోర్సుల్లో ఫైనల్ వరుస పరీక్ష అయ్యాకగానీ కనిపించదు, టోటల్‌ను విద్యార్థులకు కనిపించకుండా దాచే ప్రొఫెసర్లు కూడా ఉన్నారు. అప్పుడు గూగుల్ షీటే దిక్కు. నన్నడిగితే మొదటిసారి చేత్తోనే వేయమంటాను. ఏ భాగానికి ఎంత బరువుందో చేత్తో వేసినవాడికి తలలో నిలిచిపోతుంది.

ఇక అసలు పని, ఆ అంకెతో ఏం చేయాలన్నది. అదే సెమిస్టర్‌లో ఆ అబ్బాయికి డేటాబేస్ కోర్సు కూడా ఉందనుకుందాం. అక్కడ ఫైనల్ 25 శాతం, మిగతా 75లో ఇప్పటికే 69 పాయింట్లు వచ్చేశాయి. గ్రేడ్ హద్దులు అవే. ఏ మైనస్‌కు ఇంకా 21 పాయింట్లు, అంటే ఫైనల్‌లో 84 శాతం. పూర్తి ఏకు, అంటే 93కు, 96 శాతం కావాలి. ఇంట్లో వాళ్లు "డేటాబేస్‌లో అంత బాగా వచ్చింది కదా, దాన్ని ఏ చేసుకో" అంటారు. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. డేటాబేస్‌లో 84 నుంచి 96కు పోవడానికి, పైమెట్ల మీద పన్నెండు మార్కులు. చేతికొచ్చేది ఏ మైనస్ నుంచి ఏ, జీపీఏలో సుమారు 0.3. అల్గారిథమ్స్‌లో బి మైనస్‌కు 74.5, బికి 84.5. పది మార్కులు, అదీ మధ్యమెట్ల మీద. అక్కడ కూడా సుమారు 0.3. పైగా అల్గారిథమ్స్ చాలాచోట్ల కోర్ కోర్సు, అందులో బి తప్పనిసరి అనే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బి మైనస్ వస్తే ఆ కోర్సు మళ్లీ చేయాల్సి రావచ్చు. మూడు క్రెడిట్ల ఫీజు మళ్లీ కట్టాలి. అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు ఎంతుంటుందో బ్యాంకు లోన్ తీసుకున్న తండ్రికి నేను చెప్పనక్కర్లేదు. ఆఖరి వారం గంటలు అల్గారిథమ్స్‌కే పోవాలి. డేటాబేస్‌లో 84 దగ్గర ఆగితే చాలు.

84.5 అందుబాటులో ఉందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? మిడ్‌టర్మ్‌లో 71 వచ్చినప్పుడు క్లాసు సగటు ఎంతో చూడాలి. ప్రొఫెసర్ అనుమతిస్తే కాన్వాస్‌లో ఆ మార్కు పక్కన నొక్కితే సగటు, అత్యధికం, అత్యల్పం కనిపిస్తాయి. సగటు 64 అయితే 71 చెడ్డ మార్కు కాదు, పేపర్ కష్టంగా ఇచ్చారని అర్థం. అలాంటి కోర్సుల్లో చివర్లో గ్రేడ్ హద్దులు కిందికి దించే అవకాశం ఉంటుంది. అయినా దాని మీద ఆశ పెట్టుకుని లెక్కలో కలపకూడదు. సగటు 82 అయితే మాత్రం 71 నుంచి 84.5కు ఎక్కడం అంత తేలిక కాదు. ముందు మిడ్‌టర్మ్ జవాబుపత్రం తీసుకుని పోయిన 29 మార్కులు ఎక్కడ పోయాయో చూడాలి. ఒకే చాప్టర్‌లో, ఉదాహరణకు డైనమిక్ ప్రోగ్రామింగ్ ప్రశ్న ఒక్కదానిలోనే, 20 పోయాయంటే దాన్ని సరిదిద్దుకోవచ్చు. ప్రతి ప్రశ్నలో ఐదారు పోతే అది వారంలో సరిదిద్దుకునే పని కాదు. అప్పుడు 74.5ను లక్ష్యంగా పెట్టుకుని మిగతా కోర్సులతో 3.0 నిలబెట్టుకోవాలి. ఆ అబ్బాయికి ఇక్కడ బి మైనస్, డేటాబేస్‌లో ఏ మైనస్, మూడో కోర్సులో బి ప్లస్ వస్తే ఆ సెమిస్టర్ సగటు 3.23. కోర్ నిబంధన లేని డిపార్ట్‌మెంట్‌లో అది ఏ ప్రమాదం లేని సెమిస్టర్.

ఈ లెక్కను డిసెంబరులో వేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు. మిడ్‌టర్మ్ మార్కులు వచ్చిన రోజే వేయాలి. అప్పటికి 55లో 44.15 వచ్చాయి, మిగిలింది 45. బికి ఇంకా 38.85 కావాలి, అంటే ప్రాజెక్ట్, ఫైనల్ కలిపి సగటున 86.3 శాతం తెచ్చుకోవాలి. ఇది అందదనిపిస్తే అప్పుడే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు ఈ అంకెలతో వెళ్లాలి. కోర్సు వదిలేసి ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ వేయించుకునే గడువు చాలాచోట్ల ఫైనల్‌కు కొన్ని వారాల ముందే ముగుస్తుంది. పైగా ఎఫ్‌1 వీసా మీద ఉన్నవాళ్లకు అది గ్రేడ్‌తో తేలిపోయే విషయం కాదు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైమ్ అంటే తొమ్మిది క్రెడిట్లు, మూడు కోర్సులు. ఒకటి వదిలితే ఆరు. యూనివర్సిటీలోని డీఎస్‌ఓ నుంచి ముందే అనుమతి తీసుకోకుండా ఆరుకు దిగితే వీసా స్టేటస్ పోతుంది. చదువు కష్టంగా ఉందన్న కారణంతో ఇచ్చే అనుమతికి గట్టి షరతులున్నాయి, అదీ ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు. "వదిలేయ్‌రా, వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ తీసుకో" అని ఇక్కడి నుంచి సలహా ఇచ్చే బాబాయిలకు ఈ సంగతి తెలియదు. ముందు డీఎస్‌ఓ దగ్గరికి, తర్వాతే రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో డ్రాప్ బటన్ దగ్గరికి.

డిసెంబరులో ఇంకో ఉచ్చు కూడా సిద్ధంగా ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రామ్‌లో "అసైన్‌మెంట్ హెల్ప్, ప్రాజెక్ట్ సపోర్ట్, గ్యారంటీ ఏ" అని ప్రకటనలు తిరుగుతాయి. వీళ్లు అడిగే మొదటి మాటే "గ్రేడ్‌బుక్ స్క్రీన్‌షాట్ పంపండి". పంపగానే ఎంత కావాలో లెక్క కట్టి, ఆ లెక్క నిజమే కాబట్టి నమ్మకం కుదిరి, తర్వాత ధర చెబుతారు. లెక్కకు డబ్బు ఇవ్వక్కర్లేదు, ఐదు నిమిషాల పని. వాళ్లు అమ్మేది లెక్క కాదు, వేరొకరు రాసిన ప్రాజెక్ట్. అది పట్టుబడితే ప్రాజెక్ట్‌లో సున్నాతో ఆగదు. అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, కోర్సులో ఎఫ్, కొన్నిసార్లు సస్పెన్షన్. సస్పెండ్ అయితే ఎఫ్‌1 స్టేటస్ కూడా దాంతోపాటే పోతుంది. లాగిన్ వివరాలు కూడా ఇచ్చేసినవాళ్లను "డబ్బు ఇవ్వకపోతే ప్రొఫెసర్‌కు చెబుతాం" అని బెదిరించడం కూడా ఈ వ్యాపారంలో ఉంది. ఏ మైనస్‌కు 107.8 కావాలని తేలిన రోజున ఇంట్లో "ఎలాగైనా ఏ తెచ్చుకో" అన్న మాట పడితే, ఆ "ఎలాగైనా" పిల్లాడిని తీసుకెళ్లేది ఈ దుకాణం ముందుకే. ఆ మాట అనే ముందు పెద్దలు ఒకసారి ఆ భాగహారం తామే చేసి చూడాలి.

ఆఖరుగా ఒక చిన్న జాగ్రత్త. 84.5 అని వచ్చింది కదా అని సరిగ్గా 84.5కు గురిపెట్టొద్దు. మొత్తం 82.9 వస్తే 83గా చేసేదీ లేనిదీ పూర్తిగా ప్రొఫెసర్ ఇష్టం. "గ్రేడ్లు రౌండ్ చేయం" అని సిలబస్‌లో ఉంటే 82.99 కూడా బి మైనసే. ఫైనల్ 30 శాతం కాబట్టి అక్కడ మూడు మార్కులు పోతే మొత్తంలో 0.9 పోతుంది. చదివేటప్పుడు 88 అనుకుని చదవాలి. ప్రాజెక్ట్ మార్కు రాగానే గడిలో 90 బదులు అసలు అంకె పెట్టాలి. 94 వచ్చిందనుకోండి, కావాల్సింది 82.5కు దిగుతుంది. పరీక్షకు మూడు రోజుల ముందు ఈ మార్పు తెలిస్తే, ఆ మిగిలిన సాయంత్రం డేటాబేస్‌కు ఇవ్వొచ్చు.